రెండేళ్లుగా వాడుతున్న మూడు ముక్కల వెబినార్ క్యాప్షన్: నా అనుభవం

ఉప్పల్‌లో మా మిద్దె తోటల బృందం నెలకో శనివారం జూమ్‌లో వెబినార్ పెడుతుంది. దాని క్యాప్షన్ రాసే పని రెండేళ్లుగా నాదే. విషయం, సమయం, లింక్ అనే మూడు ముక్కల పద్ధతినే మొదటి నుంచీ వాడుతున్నాను. గత నవంబర్‌ది, విదేశీ సమయం లైన్ వదిలేస్తే, ఇలా ఉంది:

మందార మొగ్గల మీద తెల్లటి పిండి పడుతోందా? పిండినల్లిని వేపనూనెతో వదిలించే పద్ధతి.
నవంబర్ 8, 2025, శనివారం, సాయంత్రం 7 నుంచి 8 వరకు, భారత సమయం.
పేరు నమోదుకు:
https://example.com/nov8

మొదటి లైన్ చాలా బాగా పనిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపించి, మిగతాది మడత పడిపోతుంది. అక్కడ "అందరికీ నమస్కారం, మా బృందం సగర్వంగా సమర్పిస్తున్న" అని మొదలుపెడితే విషయం లోపలే ఉండిపోతుంది. మొక్కకు వచ్చిన బాధ ముందు చెబితే, ఆ బాధ ఉన్నవాళ్లు ఆగి చదువుతారు.

ఎక్కువ దెబ్బలు తిన్నది సమయం దగ్గరే. మొదట్లో "ఈ శనివారం" అని రాసేదాన్ని. వాట్సాప్‌లో ఆ సందేశం వారాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. వెబినార్ అయిపోయిన మరుసటి శుక్రవారం ఒకావిడ "రేపేగా అక్కా?" అని ఫోన్ చేశారు. అప్పటి నుంచి తేదీ, వారం రెండూ రాస్తున్నాను.

ఇంకో పొరపాటు మరీ బాధపెట్టింది. అక్టోబర్ 11 క్యాప్షన్‌లో డల్లాస్‌లో ఉన్న మనవాళ్ల కోసం "అక్కడ ఉదయం 8:30" అని రాశాను, అది సరైనదే. నవంబర్‌కూ అదే లైన్ కాపీ చేశాను. నవంబర్ 2న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు కాబట్టి, మన 7 గంటలు అక్కడ 7:30 అయింది. నా మాట నమ్మి 8:30కి లింక్ తెరిచినవాళ్లు వచ్చేసరికి ఇక్కడ 8 అయింది, వెబినార్ ముగిసింది. ఇప్పుడు విదేశీ సమయాన్ని ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టి, ఆ పక్కన భారత సమయం కూడా రాస్తున్నాను. మార్చిలో గడియారాలు మళ్లీ ముందుకు జరుగుతాయి, అప్పుడూ చూసుకోవాలి.

లింక్ విషయంలో తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. లింక్‌కు ఆనించి "లో నమోదు చేసుకోండి" అని రాస్తే, ఆ "లో" కూడా అడ్రస్‌లో కలిసిపోయి పేజీ దొరకడం లేదని వస్తుంది. అందుకే లింక్‌ను వేరే లైన్‌లో ఒంటరిగా పెట్టి, దాని తర్వాత ఫుల్‌స్టాప్ కూడా పెట్టను. పంపాక ఇంకో ఫోన్‌లో నొక్కి చూస్తాను. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింక్ మామూలుగా నొక్కడానికి రాదు. అక్కడ "లింక్ బయోలో ఉంది" అని రాసి, బయోలో పాత నెల లింక్ ఉంటే మారుస్తాను.

పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌లకు మాత్రం ఈ పద్ధతి అంతగా సరిపోలేదు. ఎప్పుడైనా వినేదానికి సమయం లైన్ అక్కర్లేదు. ఆ చోట ఎన్ని నిమిషాలో, ఏ నిమిషం దగ్గర పిండినల్లి సంగతి మొదలవుతుందో రాస్తున్నాను.