డెల్ఫీలో రౌండ్లు ఎప్పుడు ఆపాలి: శాతం చూసా, నిలకడ చూసా? ఏది మేలు?

డెల్ఫీ అంటే నిపుణులను ఒకచోట కూర్చోబెట్టకుండా, పేర్లు బయటపెట్టకుండా, రౌండు తర్వాత రౌండు ప్రశ్నావళులు పంపి అభిప్రాయాలు రాబట్టే పద్ధతి. దీని తొలి ప్రయోగాల్లో ఒకటి 1951లో అమెరికా పరిశోధన సంస్థ రాండ్‌లో నడిచింది. ఏడుగురు నిపుణులకు వారానికొకటి చొప్పున ఐదు ప్రశ్నావళులు పంపారు. అమెరికా ఆయుధ ఉత్పత్తిని దెబ్బతీయడానికి ఎన్ని అణుబాంబులు కావాలన్నది ప్రశ్న. మొదట 50 నుంచి 5000 దాకా ఉన్న అంచనాలు చివరికి 167–360 మధ్యకు చేరాయి. అంకెలు దగ్గరపడటమే డెల్ఫీ పని అన్న అభిప్రాయం చాలామందిలో ఇప్పటికీ ఉంది. ఆపే నియమం ఎంచుకునేటప్పుడు పొరపాటంతా అక్కడే మొదలవుతుంది.

వాడుకలో ఉన్న నియమాలు ముఖ్యంగా రెండు. ఒకటి శాతం నియమం. 1 నుంచి 9 వరకు ఉన్న స్కేలు మీద 70 శాతం మందికి తగ్గకుండా 7–9 వేసి, 1–3 వేసినవాళ్లు 15 శాతం లోపు ఉంటే ఏకాభిప్రాయం వచ్చినట్టు. రెండోది నిలకడ నియమం. జవాబులు ఒకేచోటికి చేరాయా లేదా అన్నది దీనికి పట్టదు, కిందటి రౌండుకూ ఈ రౌండుకూ మధ్య కదలిక ఆగిందా అనే చూస్తుంది. మార్పు 15 శాతం లోపుంటే ఆగినట్టు లెక్క.

మోకాలి మార్పిడి ఆపరేషన్ తర్వాత ఏయే ఫలితాలు కొలవాలో తేల్చాలనుకుందాం. ప్యానెల్‌లో 12 మంది సర్జన్లు, ఫిజియోథెరపిస్టులు. మరో 12 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. నిపుణులంటే డిగ్రీ ఉన్నవాళ్లే అనుకుంటే రెండో గుంపు రాదు, అసలైన విభేదమూ బయటపడదు. మొదటి రౌండులో తోచింది సొంత మాటల్లో రాయమని అడిగారు, అందులోంచే ‘కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవగలగడం’ అన్న అంశం వచ్చింది. రెండో రౌండు నుంచి మార్కులు. మూడో రౌండులో ఒక్కొక్కరికీ తాము వేసిన మార్కు, ప్యానెల్ మధ్యగతం, ఇతరులు పేర్లు లేకుండా రాసిన కారణాలు పంపి, మళ్లీ వేయమన్నారు.

ఈ బాసింపట్టు అంశానికి రెండో రౌండులో 8 మంది 1–3, 5గురు 4–6, 11 మంది 7–9 వేశారు. మూడో రౌండులో అవి 9, 3, 12 అయ్యాయి. శాతం నియమం చూస్తే 24లో 12, అంటే 50 శాతం. ఏకాభిప్రాయం లేదు, కాబట్టి నాలుగో రౌండు పంపమంటుంది. నిలకడ లెక్క వేరు. తేడాలు 1, 2, 1, మొత్తం 4. ఒక మనిషి కదిలితే రెండు చోట్ల లెక్కకొస్తాడు కనుక సగం చేస్తే 2. 24లో 2 అంటే 8.3 శాతం. కదలిక ఆగిపోయింది. నాలుగో రౌండు పంపితే విసుగు తప్ప కొత్తగా వచ్చేదేమీ ఉండదు; అప్పుడు మారేవాళ్లు నచ్చి మారరు, మధ్యగతం వైపు ఒరిగి ఊరుకుంటారు.

శాతం నియమంలో ఇంకో బొక్క ఉంది. మరో ప్యానెల్‌లో 30 మంది ఉన్నారనుకోండి. ఒక అంశానికి 19 మంది 7–9 వేశారు: 63 శాతం. తర్వాతి రౌండుకు, ఒప్పుకోని ఐదుగురు జవాబే పంపలేదు. ఇప్పుడు 25లో 19, అంటే 76 శాతం. ఒక్కరూ మనసు మార్చుకోలేదు, అయినా గీత దాటింది! పట్టుకోవడం సులువే. మిగిలిన 25 మందికే పాత రౌండు మార్కులు మళ్లీ లెక్కకట్టండి. అక్కడా 76 వస్తే అది ఏకాభిప్రాయం కాదు, వలస. నిలకడ లెక్క కూడా రెండు రౌండ్లలోనూ జవాబిచ్చినవాళ్లతోనే వేయాలి.

అలాగని నిలకడ నియమం మచ్చలేనిది కాదు. ముగ్గురు పైకి, ముగ్గురు కిందికి మారితే గుంపు లెక్కలో మార్పు సున్నా కనిపిస్తుంది. అందుకే 1–3, 4–6, 7–9 శ్రేణుల్లో ఒకదాన్నుంచి మరోదానికి మారిన మనుషులను విడిగా లెక్కపెట్టుకోవాలి. ప్యానెల్ పదిమందే అయితే 15 శాతం గీతకు పెద్దగా అర్థం ఉండదు. ఒక్కరు కదిలితే 10, ఇద్దరు కదిలితే 20.

మా మాట అడిగితే, రౌండ్లు ఆపడానికి నిలకడ మేలు, అంశం మీద ఏకాభిప్రాయం వచ్చిందో లేదో చెప్పడానికి శాతం మేలు. రెండు పనులూ ఒకే నియమం మీద వేయకూడదు. ఇవీ, గరిష్ఠంగా మూడు రౌండ్లు అన్న హద్దూ మొదటి ప్రశ్నావళి వెళ్లకముందే రాసిపెట్టుకోవాలి. మార్కులు చూశాక 70ని 65 చేయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది.

ఇక బాసింపట్టు అంశం. మొత్తం ప్యానెల్ మధ్యగతం 6.5 వస్తుంది, అది అక్కడ ఎవరి అభిప్రాయమూ కాదు. దాన్ని నివేదికలో ఇలా రాయాలి: రోగుల్లో 12లో 11 మంది 7–9, వైద్యుల్లో 9 మంది 1–3, ఇద్దరు 4–6, ఒక్కరు 7–9, మూడో రౌండుకు నిలకడ వచ్చింది, విభేదం అలాగే ఉంది. దాని పక్కనే ఇరువైపుల కారణాలు: కృత్రిమ కీలు మీద భారం పడుతుందని వైద్యులు, ఇంట్లో పూజకూ భోజనానికీ కింద కూర్చోవాల్సిందేనని రోగులు.