రన్నింగ్ ఫుట్ రేటుకు ఒక వార్డ్‌రోబ్, సరుకు కొని చేయించింది ఇంకొకటి: ఏడేళ్ల తర్వాత

బెంగళూరు కృష్ణరాజపురంలోని మా ఫ్లాట్‌లో 2018లో రెండు బెడ్‌రూములకు వార్డ్‌రోబ్‌లు చేయించాం. రెండూ ఎనిమిది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. మా గదిది ఒక ఇంటీరియర్ కాంట్రాక్టర్‌కు రన్నింగ్ ఫుట్ లెక్కన ఇచ్చాం. ఆ అనుభవంతో పిల్లల గదికి సరుకు మేమే కొని, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక వడ్రంగి మేస్త్రీతో చేయించుకున్నాం. ఏడేళ్లు రోజూ వాడాక రెండిటి మంచీ చెడూ చెప్పగలను.

రన్నింగ్ ఫుట్ అంటే గోడ మీద వెడల్పు కొలత మాత్రమే. ఎత్తు ఏడడుగులు, లోతు రెండడుగులు అని మనం అనుకుంటాం. కానీ లోతు ఎంత, లోపల ఎన్ని అరలు, ఎన్ని సొరుగులు, వెనక ఏ పలక అన్నది ఆ రేటులో ఎక్కడా కనిపించదు. మాకు అడుగుకు 6,800 రూపాయలు చెప్పారు. ఎనిమిది అడుగులకు 54,400. పని సగమయ్యాక మూడు సొరుగులకు 7,500, పిడులు, తాళాలకు 2,500 విడిగా అడిగారు. చివరికి 64,400 అయింది. పైన అటకకు మళ్లీ వేరే రేటు. లోతు కొలిచి చూస్తే 20 అంగుళాలే ఉంది. హ్యాంగర్‌కు వేసిన కోటు చేతులు తలుపుకు తగిలి ఇప్పటికీ నలుగుతున్నాయి.

పిల్లల గదికి మేస్త్రీ గారు నన్ను కూర్చోబెట్టి లెక్క వేరేగా వేశారు. "అడుగులు వదిలేయండమ్మా, షీట్లు లెక్కపెట్టండి" అన్నారు. ప్లై షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దాన్ని నిలువునా చీలిస్తే రెండడుగుల లోతున్న నిలువు పలకలు రెండొస్తాయి. పక్కలకు రెండు, మధ్యలో రెండు కలిపి నాలుగు నిలువు పలకలు కావాలి కాబట్టి రెండు షీట్లు. పైకప్పుకు, అడుగుకు కలిపి ఒకటి. పదహారు అంగుళాల తలుపులు షీటుకు మూడు చొప్పున ఆరింటికి రెండు. తొమ్మిది అరలకూ, సొరుగుల ముందు పలకలకూ కలిపి రెండు. మొత్తం 18 ఎంఎం ప్లై ఏడు షీట్లు. వెనకకు 6 ఎంఎం రెండు, సొరుగు పెట్టెలకు 12 ఎంఎం ఒకటి.

మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో కొన్నాం. అప్పట్లో నీటిని తట్టుకునే ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం ప్లై చదరపు అడుగు వంద రూపాయలు పడింది, అంటే ఏడు షీట్లకు 22,400. మిగతా ప్లైతో కలిపి దాదాపు 27,700. నన్ను ఆశ్చర్యపరిచింది పలకలపై అతికించే మైకా ఖర్చు. బయట కనిపించేది రెండు షీట్లే, కానీ లోపల అరలకు రెండు వైపులా, నిలువు పలకలకు, తలుపుల లోపలికి, వెనక పలకకు కలిపి పదకొండు షీట్లు పట్టాయి. అంతా కలిపి 9,750. తలుపుకు నాలుగు చొప్పున 24 సాఫ్ట్ క్లోజ్ హింజ్‌లు, సొరుగులు జారడానికి మూడు జతల ఛానెళ్లు, పిడులు, తాళాలు 7,200. జిగురు, మేకులు, అంచు పట్టీ మూడు వేలు. కూలీ ముందు భాగం చదరపు అడుగుకు 280 చొప్పున 56 చదరపు అడుగులకు 15,680. మొత్తం 63,300 చిల్లర, అంటే అడుగుకు సుమారు 7,900. కాగితం మీద చూస్తే కాంట్రాక్టర్ రేటు కన్నా 1,100 ఎక్కువ, కట్టిన డబ్బు చూస్తే రెండూ ఒకటే. అందులో అటక దేనికీ లేదు.

డబ్బు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. కాంట్రాక్టర్ "ఇంజనీర్డ్ వుడ్" అన్నది పార్టికల్ బోర్డు, చెక్క పొట్టును జిగురుతో అదిమి పైన డిజైన్ కాగితం అతికించింది. మా గదిలో వార్డ్‌రోబ్ వెనక గోడకు అవతల బాత్‌రూమ్ ఉంది. మూడో వర్షాకాలానికి కింది పలక అంచు ఉబ్బింది. తడి గుడ్డతో నేల తుడిచినప్పుడల్లా ఇంకొంచెం. పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బితే ఎండినా మళ్లీ చదునుకు రాదు. నాలుగో ఏడాదికి ఎక్కువ వాడే తలుపు హింజ్ మరలు ఊడి వచ్చాయి. రంధ్రంలో అగ్గిపుల్లలు, ఫెవికాల్ పెట్టి బిగిస్తే ఆరు నెలలు నిలిచింది. తర్వాత ఆ చోటే పొడిగా రాలింది. హింజ్ మంచిదే, దాన్ని పట్టుకునే బోర్డుకే బలం లేదు. పట్టుచీరలు పెట్టిన మూడడుగుల అర మధ్యలో వేలెడంత కుంగింది.

పిల్లల గదిలో ప్లై అలాగే ఉంది. మేస్త్రీ గారు అడుగున మూడంగుళాల గ్రానైట్ పట్టీ కట్టించి, దానిపై పెట్టె నిలబెట్టి, గోడకు వెనక కొంచెం ఖాళీ వదిలారు. తడి తగలకపోవడానికి సగం కారణం అదే. హింజ్‌లు ఏడేళ్లలో ఒకసారి స్క్రూడ్రైవర్‌తో సర్దాను, అంతే.

ఇక్కడ నా ప్లైకి ఒక పెద్ద లోపం కూడా ఉంది. ఏడడుగుల ఆరు తలుపుల్లో రెండు వంగాయి. మధ్యలో బయటికి ఉబ్బి, సరిగ్గా మూసుకోవు. కాంట్రాక్టర్ తలుపులు మాత్రం ఇప్పటికీ నిటారుగా ఉన్నాయి. పొడవైన తలుపుకు ప్లై కన్నా బ్లాక్‌బోర్డు అనే చెక్క పలక నయమని తర్వాత తెలిసింది. లోపల సన్న చెక్క పట్టీలు పేర్చి ఉండడం వల్ల నిలువునా తక్కువ వంగుతుంది. బయట 1 ఎంఎం, లోపల 0.8 ఎంఎం మైకా వేయడమూ ఒక కారణమని మేస్త్రీ గారే ఒప్పుకున్నారు. రెండు వైపులా సమాన మందం ఉంటే లాగుడు సమానంగా ఉండేది.

షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే చాలదు. దాని పక్కన సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తోందా లేదా తెలుస్తుంది. మేము రెండో దుకాణం నుంచి వెనక్కి వచ్చింది ఆ నంబరు కనిపించకే. 18 అని అమ్మేది 16 ఉండొచ్చు కాబట్టి స్కేలు పట్టుకెళ్లండి. తడి తగలని పొడి గోడకైతే మామూలు తేమను తట్టుకునే ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడ్ ప్లై సరిపోయేదని ఇప్పుడు నా అభిప్రాయం. పిల్లల గదికి బాత్‌రూమ్ గోడ లేదు, అక్కడ నేను కొంత ఎక్కువే పెట్టాను.

కూలీ రోజువారీ లెక్కన మాట్లాడొద్దు. మా పక్కింటివాళ్ల పని అలా సాగి సాగి నెల దాటింది. ముందు భాగం చదరపు అడుగుకు మాట్లాడి, సొరుగులు, అటక, అంచు పట్టీ అందులోనే ఉన్నాయా అని ముందే రాసుకోవాలి.

వచ్చే నెల మా గదిది పీకేస్తున్నాం. పెట్టెకు ఐఎస్ 710 ప్లై, తలుపులకు బ్లాక్‌బోర్డు, రెండు వైపులా 1 ఎంఎం మైకా, కింద గ్రానైట్ పట్టీ. అదే మేస్త్రీ గారు. పాత హింజ్‌లు బాగానే ఉన్నాయి, వాటినే మళ్లీ బిగిస్తామన్నారు.