చెల్లించాక మారే ఆర్డర్లు: రెండు ఆవకాయ సీజన్ల అనుభవం

మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్‌లో చపాటా మిర్చి కొని, గిర్నీలో కారం పట్టించి, పసుపుతో పాటు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. ఈ మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు. ఆవకాయ రోజుల్లో డబ్బు కట్టిన అరగంటకే ఫోను మోగుతుంది. "అన్నా, ఇంకో కిలో కలపండి." "మా ఇంటికి వద్దు, మా అమ్మాయి వాళ్లింటికి పంపండి." ఈ మార్పులు కొనేవారే చేసుకునేలా మా వెబ్‌సైటుకు ఒక సవరణ యాప్ జోడించి రెండు సీజన్లు దాటింది. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి ఏవి తీసుకున్నా చూడవలసిన చోట్లు దాదాపు ఇవే.

మొదటి సీజన్‌లో మమ్మల్ని బాగా ఇరుకున పెట్టింది లెక్క. కరీంనగర్ నుంచి ఒక అక్క ఆర్డరు పెట్టారు. కిలో కారం 520, అరకిలో పసుపు 160, రాష్ట్రంలో డెలివరీకి 60, మొత్తం 740 రూపాయలు. యూపీఐలో కట్టేశారు. ఇరవై నిమిషాల తరువాత చిరునామాను మహారాష్ట్రలోని చంద్రాపూర్‌కు మార్చి, ఇంకో కిలో కారం చేర్చారు. ఇతర రాష్ట్రాలకు మా డెలివరీ 90. యాప్ 520కి ఆ 30 తేడా కలిపి 550 కట్టమంది. ఆమె వెంటనే ఫోను చేసి, "బాబూ, వెయ్యి దాటితే డెలివరీ ఉచితమని మీరే రాశారు కదా. మొదటే అన్నీ కలిపి కొంటే 1200 అయ్యేది. ఇప్పుడు 1290 ఎందుకయింది?" అని నిలదీశారు. ఆమె మాటే సరైనది. మేము 90 రూపాయలు ఎక్కువ అడిగాం.

తప్పు ఎక్కడుందంటే, ఆ యాప్ మార్పులను ఒక్కొక్కటిగా కూడుతోంది. చేయవలసింది వేరు. మారిన ఆర్డరును కొత్త చిరునామాతో మొదటినుంచి లెక్కగట్టి, అందులోంచి ఇప్పటికే అందిన డబ్బు తీసేయాలి. 1200లో 740 పోతే 460, అంతే. ఇప్పుడున్న వెర్షన్ ఇలాగే చేస్తుంది. దాన్ని పరీక్షించడానికి నేను ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాను. ముందు చిరునామా మారుస్తాను, 770 అవుతుంది కాబట్టి 30 కడతాను. తరువాత కారం చేరుస్తాను, 430 అడగాలి. మరో ఆర్డరులో అవే మార్పులు వెనకాముందుగా చేస్తాను. కారం చేర్చగానే 460 అడగాలి, తరువాత చిరునామా మారిస్తే ఏమీ అడగకూడదు. ఏ దారిలో వెళ్లినా చివరకు కట్టింది 1200 కావాలి. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఆ యాప్‌ను నమ్మను.

మొదటినుంచి లెక్కగట్టడంలో ఒక మెలిక ఉంది. ఒకరోజు మధ్యాహ్నం కారం ధర 520 నుంచి 560కి పెంచాం. ఉదయం 520కి కొన్నవారు సాయంత్రం పసుపు చేర్చబోతే, యాప్ పాత కారాన్ని కూడా 560 చేసేసింది. కట్టేసిన సరుకు ధర కట్టిన నాటిదే ఉండాలి, కొత్తగా చేర్చినదానికే నేటి ధర. అడిగాక దాన్ని సరిచేశారు గానీ, ఈలోపు నలుగురైదుగురికి నలభై రూపాయల చొప్పున తిరిగి పంపి క్షమాపణ చెప్పుకున్నాం.

ఇక బిల్లు. పైకి మొత్తం సరిగ్గా కనిపిస్తూనే లోపల తప్పయ్యేది ఇదే. కారానికీ పసుపుకూ జీఎస్టీ 5 శాతం. తెలంగాణలోనే చేరితే అది కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం. సరిహద్దు దాటితే మొత్తం ఐజీఎస్టీ. ఆ అక్క కట్టిన 1200లో పన్ను 57.14. కరీంనగర్‌కు అయితే 28.57 చొప్పున రెండు భాగాలు, చంద్రాపూర్‌కు అయితే ఒకటే అంకె. కొనేవారు కట్టేది మారదు కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. నెలాఖరున మా అకౌంటెంటు పట్టుకుంటే తప్ప తెలియదు. మా యాప్ డబ్బు అందగానే బిల్లు నంబరు వేసేది. చిరునామా మారిన ప్రతిసారీ క్రెడిట్ నోటు ఇచ్చి కొత్త బిల్లు రాయవలసి వచ్చేది. సరుకు బయలుదేరే సమయానికో అంతకు ముందో బిల్లు ఉంటే చట్టానికి సరిపోతుంది. అందుకే ఇప్పుడు పార్సిల్ కట్టేటప్పుడే బిల్లు పుట్టేలా సెట్టింగు మార్చాం. అప్పటివరకు కొనేవారికి వెళ్లేది డబ్బు అందిన రసీదు మాత్రమే. సగం తలనొప్పి అక్కడే పోయింది.

మిగతా సగం గోదాములో. ఆర్డరు పెట్టిన రెండు గంటల వరకు మార్చుకోవచ్చని మొదట గడువు పెట్టాం. కానీ సరుకు కట్టే మా వదిన, ఏ పార్సిల్‌లో ఏం పెట్టాలో చెప్పే స్లిప్పులను గడియారం చూసి తీయదు, చేతులు ఖాళీ అయినప్పుడు తీస్తుంది. 11:20కి స్లిప్పు బయటకు వచ్చింది, 11:24కి కొనేవారు ఇంకో ప్యాకెట్ చేర్చారు, పార్సిల్ పాత లెక్కతో వెళ్లిపోయింది. ఇప్పుడు గడువు గంటలతో కాదు, స్లిప్పుతో ముగుస్తుంది. స్లిప్పు తీసిన క్షణమే సవరణ బటన్ మాయమవుతుంది. సవరణ మధ్యలో ఉన్న ఆర్డరుకు స్లిప్పు రాదు.

సవరణ మధ్యలో అంటే, అదనపు డబ్బు కోసం లింకు వెళ్లి ఇంకా కట్టని స్థితి. ఒకసారి కట్టినంత మాత్రాన తేడాను మేమే లాగేసుకోలేం. కొనేవారు మళ్లీ యూపీఐ పిన్ కొట్టాల్సిందే. పాత వెర్షన్ లింకు పంపగానే సరుకును ఆర్డరులో కలిపేసేది. వదిన రెండు కిలోలు కట్టి పంపేది, డబ్బు ఒక కిలోకే వచ్చేది. ఇప్పుడు కట్టేదాకా కొత్త సరుకు పక్కన ఉంటుంది, గంటలో కట్టకపోతే రద్దవుతుంది, పాత ఆర్డరు యథాతథంగా కదులుతుంది. చిరునామా విషయంలో మాత్రం ఈ నియమం పాటించను. 30 రూపాయలు రాలేదని పార్సిల్‌ను పాత ఇంటికి పంపితే అక్కడ ఎవరూ ఉండరు, అది తిరిగి వచ్చే ఖర్చు మాదే. ఆ ముప్పై నేనే భరిస్తాను. యాప్‌లో ఇందుకు వేరే సెట్టింగు లేదు, చేత్తో విడుదల చేస్తున్నాను.

ఇంకా సరికానిది బరువు. సరుకు చేర్చినా, అప్పటికే యాప్‌లో సిద్ధమైన కొరియర్ లేబుల్ మీద పాత బరువే ఉండిపోతుంది. కిలోన్నర అని రాసి రెండున్నర కిలోల పార్సిల్ ఇస్తే కొరియర్ వాళ్లు తూచి, తేడాను తరువాతి బిల్లులో వేస్తారు. మేము ఇది గమనించింది వాళ్ల బిల్లు చూశాకే. అందుకే ప్రతి ఆదివారం ఆ వారం సవరించిన ఆర్డర్లు మాత్రం తీసి మూడు సంగతులు చూస్తాను. బిల్లు మొత్తం, అందిన డబ్బులోంచి తిరిగి ఇచ్చింది తీసేస్తే వచ్చేదానికి సమానమా? లేబుల్ మీద పిన్‌కోడ్, బిల్లు మీద పిన్‌కోడ్ ఒకటేనా? లేబుల్ బరువు సరుకుకు సరిపోతుందా? మొదటి రెండింట్లో ఈ ఏడాది తేడా రాలేదు. మూడోదానికి లేబుల్ రద్దు చేసి మళ్లీ తీయడం తప్ప దారి కనిపించక, వదిన ఇప్పుడు సవరించిన ప్రతి పార్సిల్‌నూ తూచి, అంకెను స్లిప్పు మీద ఎర్ర పెన్నుతో రాసి నాకు ఇస్తోంది.