ద్రవ్యోల్బణాన్ని ఒక్క ఊపున దించడమా, మెల్లమెల్లగా దించడమా: ఏది మేలు?

ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థులు, సివిల్స్‌కు చదివేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. పది శాతం ద్రవ్యోల్బణాన్ని నాలుగుకు తేవాలంటే రెండేళ్లలో తేవడం మంచిదా, ఆరేళ్లలో తేవడం మంచిదా? ఎక్కువమంది మనసులో ఉండే జవాబు "మెల్లగా దించితే ఉద్యోగాలు తక్కువ పోతాయి" అనేది. ద్రవ్యోల్బణానికి, నిరుద్యోగానికి ముడిపెట్టే ఫిలిప్స్ రేఖ సూత్రం రాసుకుని లెక్క కడితే ఆ జవాబు నిలబడదు.

ఫ్రీడ్‌మన్, ఫెల్ప్స్ సరిదిద్దిన తర్వాత ఫిలిప్స్ రేఖ ఇలా ఉంటుంది:

```
π = πe − a(u − u*)
```

π ఈ ఏటి ద్రవ్యోల్బణం. πe జనం ముందే ఊహించుకున్న ద్రవ్యోల్బణం. u నిరుద్యోగ రేటు, u* సహజ నిరుద్యోగ రేటు, అంటే ద్రవ్యోల్బణం ఊహను మించకుండా, ఊహకు తగ్గకుండా ఉండే నిరుద్యోగం. నిరుద్యోగం సహజ రేటు కంటే ఒక పాయింటు ఎక్కువగా ఏడాదిపాటు ఉంటే, ద్రవ్యోల్బణం ఊహ కంటే ఎంత తగ్గుతుందో a చెబుతుంది.

జనం నిరుడు ఎంత ఉంటే ఈ ఏడూ అంతే అనుకుంటారని పెట్టుకుందాం. a విలువ 0.5, సహజ రేటు 6 శాతం. రెండేళ్లలో దించాలంటే ఏడాదికి 3 పాయింట్లు తగ్గాలి. అందుకు నిరుద్యోగం సహజ రేటు కంటే 6 పాయింట్లు పైన, అంటే 12 శాతం దగ్గర రెండేళ్లు ఉండాలి. ఆరేళ్లలో దించితే ఏడాదికి 1 పాయింటు తగ్గితే చాలు. నిరుద్యోగం 8 శాతం దగ్గర ఆరేళ్లు ఉంటుంది. మొదటి దారిలో 6 × 2 = 12, రెండో దారిలో 2 × 6 = 12. రెండింట్లోనూ కట్టిన మూల్యం ఒక్కటే, 12 పాయింటు-ఏళ్ల నిరుద్యోగం. దాన్ని తగ్గిన 6 పాయింట్లతో భాగిస్తే 2 వస్తుంది. అదే శాక్రిఫైస్ రేషియో, మనం త్యాగ నిష్పత్తి అందాం. ఈ ఊహల కింద అది ఎప్పుడూ 1/a, దాంట్లో వేగానికి చోటే లేదు.

కాబట్టి ఒక దారి రెండోదాని కంటే చవక అవ్వాలంటే ఆ తేడా మరెక్కడి నుంచో రావాలి. నా దృష్టిలో అది πe నుంచి వస్తుంది. జనం వెనక్కి చూసి ఊహిస్తున్నారా, కేంద్ర బ్యాంకు చెప్పిన మాట నమ్మి ఊహిస్తున్నారా అన్నదే తేలాల్సిన విషయం.

నమ్మకాన్ని లెక్కలోకి తేవడం కష్టమేమీ కాదు. ఈ ఏడాదికి ప్రకటించిన లక్ష్యానికి λ వంతు, నిరుటి ద్రవ్యోల్బణానికి మిగతా వంతు బరువు ఇవ్వాలి:

```
πe = λ × లక్ష్యం + (1 − λ) × నిరుటి π
```

రెండేళ్ల దారిలో λ మూడో వంతు అనుకోండి. మొదటి ఏడు లక్ష్యం 7, నిరుటిది 10, కాబట్టి ఊహ 9. దాన్ని 7కు తేవడానికి 2 పాయింట్లు తగ్గాలి, అందుకు నిరుద్యోగం 4 పాయింట్లు పైన ఉండాలి. రెండో ఏడు లక్ష్యం 4, నిరుటిది 7, ఊహ 6, మళ్లీ 4 పాయింట్లే. మొత్తం మూల్యం 8, నిష్పత్తి 1.33. ఆరేళ్ల దారిలో "ఇలాంటివి చాలా విన్నాం" అని జనం పట్టించుకోకపోతే λ సున్నా, మూల్యం 12 దగ్గరే ఉంటుంది. రెండు దారుల్లోనూ λ ఒకటే అయితే మూల్యం మళ్లీ సమానమే. నిష్పత్తి ఎప్పుడైనా (1 − λ)/a.

అందుకే "ఏ వేగం మంచిది" అనే ప్రశ్న నిజానికి "ఏ వేగాన్ని జనం ఎక్కువ నమ్ముతారు" అనే ప్రశ్న. ఇక్కడ రెండు వైపులా బలమైన వాదన ఉంది. మెల్లగా దించమనేవాళ్లు వేతన ఒప్పందాలను చూపిస్తారు. అమెరికాలో పెద్ద యూనియన్ల ఒప్పందాలు చాలావరకు మూడేళ్లవి. పది శాతం ఊహతో నిరుడు సంతకం చేసిన కంపెనీ, కేంద్ర బ్యాంకును పూర్తిగా నమ్మినా ఆ జీతాలు ఇవ్వాల్సిందే. ఆ ఒప్పందాల గడువు తీరేదాకా λ పెరగడానికి వీల్లేదు. వేగంగా దించమనేవాళ్లు ఎన్నికల క్యాలెండరును చూపిస్తారు. ఆరేళ్ల ప్రణాళిక మధ్యలో ప్రభుత్వం మారొచ్చు, గవర్నరు మారొచ్చు, నిరుద్యోగం చూసి మనసు మారొచ్చు. ఈ సంగతి జనానికి తెలుసు కాబట్టి మొదటి రోజే నమ్మరు.

ఇంతకుముందు మాట తప్పిన చరిత్ర ఉన్న చోట నేను వేగం వైపే మొగ్గుతాను. పారిశ్రామిక దేశాల అనుభవాలను పోల్చి 1994లో లారెన్స్ బాల్ తేల్చింది కూడా ఇదే: వేగంగా దించిన చోట త్యాగ నిష్పత్తి తక్కువ, వేతనాలు సులువుగా మారే చోటా తక్కువ. ఆ రెండో ముక్క ఒప్పందాల వాదనలోనూ నిజముందని చెబుతుంది.

ఇప్పుడు నిజమైన లెక్క. పాల్ వోల్కర్ 1979 ఆగస్టులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు పట్టాడు. అక్టోబరులో విధానం బిగించాడు. అయితే 1980 వసంతంలో మాంద్యం రాగానే వడ్డీ రేటు ఏప్రిల్‌లో 17 శాతం పైనుంచి జులైకి 9 శాతం దగ్గరికి జారిపోయింది. ఆ జారుడుతో "వీళ్లూ వెనక్కి తగ్గుతారు" అన్న అనుమానం బలపడింది. తర్వాత మళ్లీ బిగించి 1981లో రేటును 19 శాతం చేర్చాల్సి వచ్చింది. 1982 చివర్లో నిరుద్యోగం 10.8 శాతానికి ఎక్కింది.

వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 1981లో 10.3 శాతం, 1985లో 3.6 శాతం. తగ్గింది 6.7 పాయింట్లు. సగటు నిరుద్యోగం 1982లో 9.7, 1983లో 9.6, 1984లో 7.5, 1985లో 7.2. సహజ రేటు 6 అనుకుంటే పైన ఉన్నది వరుసగా 3.7, 3.6, 1.5, 1.2. కూడితే 10.0. నిష్పత్తి 10.0 / 6.7, అంటే దాదాపు 1.5. జీడీపీ నష్టంగా చెప్పాలంటే, నిరుద్యోగం ఒక పాయింటు పెరిగితే ఉత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతుందనే ఒకన్ నియమం ప్రకారం 2తో హెచ్చించాలి, సుమారు 3 వస్తుంది. పుస్తకాల్లో ఒకచోట 1.5, ఇంకోచోట 3 కనిపించి చదివేవాళ్లు తికమకపడేది ఇక్కడే. మొదటిది నిరుద్యోగంతో కొలిచినది, రెండోది ఉత్పత్తితో కొలిచినది. నిరుద్యోగపు లెక్క వాడమనే చెబుతాను, ఎందుకంటే రెండోదాంట్లో ఒకన్ గుణకం తప్పు కూడా వచ్చి కలుస్తుంది. నెలవారీ అంకెలు వాడితే తేడాలన్నీ కూడి 12తో, త్రైమాసికాలైతే 4తో భాగించడం మరిచిపోవద్దు.

ఈ లెక్కలో అసలు బలహీనత u*. దాన్ని ఎవరూ కళ్లారా చూడలేదు, అంచనా మాత్రమే. సహజ రేటు 6.5 అనుకుంటే అవే అంకెలతో మూల్యం 8.0, నిష్పత్తి 1.2. 5.5 అనుకుంటే మూల్యం 12.0, నిష్పత్తి 1.8. అర పాయింటు అటూ ఇటూ అయితే, నాలుగేళ్లు కూడేసరికి రెండు పాయింటు-ఏళ్ల తేడా వస్తోంది.

దీని పర్యవసానం నమ్మకం లెక్కలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. a 0.5 అయితే, నమ్మకమే లేనప్పుడు 6.7 పాయింట్లకు కట్టాల్సిన మూల్యం 13.4. సహజ రేటు 6 అన్నవాడికి కట్టింది 10.0, కాబట్టి λ పావు వంతు. 6.5 అన్నవాడికి λ 0.4, "వోల్కర్‌ను జనం బాగానే నమ్మారు" అంటాడు. 5.5 అన్నవాడికి λ 0.1, "ఎవరూ నమ్మలేదు" అంటాడు. ముగ్గురి దగ్గరా ఉన్నవి అవే అంకెలు. అందుకే త్యాగ నిష్పత్తిని ఒక్క సంఖ్యగా రాయకూడదు, కనీసం మూడు సహజ రేట్లతో మూడు సంఖ్యలు రాయాలి.

సూచీతో ఇంకో చిక్కు. 1983 వరకు అమెరికా ప్రధాన సూచీలో సొంత ఇంటి ఖర్చు కింద గృహరుణ వడ్డీ కూడా కలిసి ఉండేది. ఫెడ్ వడ్డీ పెంచితే సూచీ కూడా పెరిగేది. కాబట్టి 1981 నాటి 10.3లో కొంత ఆ వడ్డీయే. తగ్గుదల ఉన్నదానికంటే పెద్దగా, నిష్పత్తి ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.

వేగం వైపు మొగ్గినా ఒప్పుకోవాల్సిన లోటు ఒకటుంది. 12 శాతం రెండేళ్లు, 8 శాతం ఆరేళ్లు సమానమని సూత్రం అంటుంది, మనుషులకు సమానం కావు. ఏడాదికి పైగా పని లేనివాడి చేతి నైపుణ్యం తగ్గుతుంది, మళ్లీ పిలిచేవాళ్లు తగ్గుతారు. అలాంటివాళ్లు పెరిగితే u* పైకి జరుగుతుంది. ద్రవ్యోల్బణం దిగి స్థిరపడ్డాక కూడా నిరుద్యోగం పాత మట్టానికి రాకపోతే ఇది జరిగిందని అనుమానించాలి. అప్పుడు మూల్యం ఏటేటా పెరుగుతూనే ఉంటుంది, భాగహారానికి అర్థం ఉండదు.

మూడో దారి, ధరలు, వేతనాలు చట్టంతో కట్టేయడం. నిక్సన్ 1971 ఆగస్టులో చేశాడు. ఆంక్షలు ఎత్తేయగానే ధరలు లేచాయి. దీని గురించి ఇంతకుమించి అక్కర్లేదు.

"2022లో త్యాగమే లేకుండా దిగింది కదా" అని అడిగేవాళ్లకు: అమెరికాలో ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతం, 2023 జూన్‌లో 3.0. నిరుద్యోగం రెండు నెలల్లోనూ 3.6. లెక్క కడితే నిష్పత్తి సున్నా దగ్గర. కానీ పై సూత్రంలో సరఫరా దెబ్బకు చోటు లేదు. పెట్రోలు ధర తగ్గడం, నౌకల రద్దీ తీరడం వల్ల తగ్గినది కూడా హారంలో చేరిపోయింది. దీర్ఘకాలపు ఊహలు పెద్దగా చెదరకపోవడమూ కలిసొచ్చింది. 1981లో ఆ అదృష్టం లేదు.

మన దేశం ఎంచుకున్నది మెల్లని దారి. 2014 జనవరిలో ఉర్జిత్ పటేల్ కమిటీ ఏడాదిలో 8 శాతం, రెండేళ్లలో 6 శాతం, ఆపైన 4 శాతం అని మెట్లు వేసింది. దీనికి త్యాగ నిష్పత్తి కట్టాలనుకునేవాళ్లు నిరుద్యోగంతో కట్టలేరు. ఏటేటా వచ్చే ప్రభుత్వ కార్మిక సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్ అంకెలు 2017-18 నుంచే ఉన్నాయి. ఉత్పత్తి అంతరంతోనే, అంటే అసలు ఉత్పత్తికీ ఆర్థిక వ్యవస్థ సామర్థ్యానికీ మధ్య తేడాతోనే కట్టాలి. ఇంకో జాగ్రత్త, 2014 జూన్‌లో బ్యారెల్ 110 డాలర్లు దాటిన బ్రెంట్ చమురు 2015 జనవరికి 50 కిందికి పడింది. ఆ పతనం వల్ల తగ్గిన ద్రవ్యోల్బణాన్ని రిజర్వ్ బ్యాంకు ఖాతాలో వేయకుండా, ఆహారం, ఇంధనం తీసేసిన సూచీతో ఒకసారి, మొత్తం సూచీతో ఒకసారి కట్టి రెండూ పక్కపక్కన రాయాలి.