చెదిరిన కుచ్చిళ్ళకు లిక్విఫై, క్లోన్ స్టాంప్: వాడి చూసిన మాట

విశాఖలో పండగ ఫోటో అంటే చాలామంది బీచ్ రోడ్డే అడుగుతారు. ఆ గాలి చీరను ఒక్క క్షణం కుదురుగా ఉండనివ్వదు. అందుకే కొన్నేళ్లుగా ఫోటోషాప్‌లో నా చెయ్యి ఎక్కువగా పోయేది బొమ్మలోని భాగాన్ని నెట్టి సర్దే లిక్విఫై, ఒకచోటి ముక్కను ఇంకోచోట అచ్చేసే క్లోన్ స్టాంప్‌ల మీదికే. విడిగా రెండూ అరకొరే. ముందు లిక్విఫై, తర్వాత క్లోన్ అన్న వరసలో వాడితేనే పని తెములుతుంది.

మొన్నటి దసరా ఫోటో ఒకటి చూడండి. ఎర్ర కంచిపట్టు, గోపురం అంచు. నడిమి కుచ్చిలి పాదాల దగ్గర పక్కకు ఎగిరింది. లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి లిక్విఫై తెరిచాను. కాలివేళ్ళు, పక్క కుచ్చిళ్ళు కదలకుండా ఫ్రీజ్ మాస్క్ పూశాను. బ్రష్ సైజు కుచ్చిలి వెడల్పుకు రెండింతలు, ప్రెషర్ 20, 30 మధ్య. చిన్న బ్రష్‌తో నెడితే బట్ట అంచు అలలు అలలుగా తయారవుతుంది. కొద్దికొద్దిగా లోపలికి నెడితే కుచ్చిలి వరసలోకి వచ్చింది.

దొరికిపోయేది అంచు దగ్గరే. నెట్టిన చోట ఒక గోపురం ఒరిగింది, పక్కది లావెక్కింది. ఇక్కడ లిక్విఫై ఆపేయాలి. పైన ఖాళీ లేయర్ వేసి, క్లోన్ స్టాంప్‌లో Sample దగ్గర Current & Below పెట్టి, Aligned టిక్ ఉంచాను. పక్క కుచ్చిలిలోని బాగున్న గోపురం మొన మీద ఆల్ట్ క్లిక్, చెడిన గోపురం మొన మీదే మొదటి ముద్ర. మొనకు మొన కలిస్తే మిగతా జరీ దానంతటదే కుదురుతుంది. వాలు తేడాను క్లోన్ సోర్స్ ప్యానెల్‌లో కోణం మార్చి సరిచేశాను. జరీ మీద హీలింగ్ బ్రష్ మాత్రం వద్దు, గీత పక్కనున్న ఎరుపును లాక్కొచ్చి మసక చేస్తుంది. క్లోన్ చేశాక మళ్లీ లిక్విఫైలో వేలు పెట్టకూడదు, కింద బట్ట కదులుతుంది, పైన అతికించింది కదలదు.

ఇంకో మాట, వెలుగు. ఎడమ నుంచి ఎండ పడితే మడత ఎడమ ముఖం మెరుస్తుంది, కుడి ముఖం నీడలో ఉంటుంది. ఏ ముఖానికి ఆ ముఖం నుంచే ముక్క తీసుకోవాలి. తారుమారైతే బట్ట లోపలికి గుంట పడినట్టు కనిపిస్తుంది, చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందంటారు.

జారిన జాకెట్టు భుజం చిన్న పనే. అవతలి భుజం తిప్పి అతికించాలనిపిస్తుంది గానీ నీడ ఎదురు పడుతుంది. భుజాన్ని కాస్త పైకి నెట్టి, బయటపడ్డ పట్టీ మీద పక్కనున్న చర్మాన్ని మెత్తటి బ్రష్‌తో క్లోన్ చేస్తే చాలు. వేలాడే చున్నీకి మాత్రం వెనక సముద్రం ఉంటే జాగ్రత్త. చున్నీతోపాటు నీటి గీత కూడా వంగుతుంది. చున్నీని వేరే లేయర్‌లోకి కోసి, వెనక ఖాళీని క్లోన్‌తో నింపి, తర్వాతే లాగాలి.

కుచ్చిళ్ళు పూర్తిగా విడిపోయి లోపలి లంగా కనిపిస్తుంటే ఈ రెండూ చేతులెత్తేస్తాయి. లేని బట్టను నెట్టలేం కదా. అలాంటప్పుడు అదే భంగిమలో తీసిన పక్క ఫ్రేమ్ వెతికి, కుచ్చిళ్ళ భాగం మొత్తం తెచ్చి మాస్క్‌తో అతికిస్తాను.