భక్తి పద్యంలో ఉపమా, అనుప్రాసా, శ్లేషా: ఏది మేలు?

భక్తి పద్యం రాసేవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు అలంకారం లేకపోవడం కాదు, ఎక్కువైపోవడం. దేవుడి మీద రాస్తున్నాం కదా, ఎంత పెడితే అంత మంచిదనిపిస్తుంది. పద్యం పూర్తయ్యాక చూస్తే నగలు కనిపిస్తాయి గానీ మనిషి కనిపించడు. ఉపమ, అనుప్రాస, శ్లేష మూడూ భావానికి ఒకేలా పనిచేయవు, చెడగొట్టే తీరు కూడా ఒక్కొక్కదానిది వేరు. అందుకే ఒకే భావాన్ని తీసుకుని మూడింటినీ దాని మీద పెట్టి చూద్దాం. చాలాకాలం దేవుణ్ణి మరిచిన మనిషి మళ్ళీ గుడి దాకా వచ్చాడు. లోపలికి వెళ్ళాలని ఉంది, ముఖం చెల్లడం లేదు. ఇదీ భావం.

ముందు ఉపమ. ఈ కింది తేటగీతి నేను అల్లిందే, చెడ్డ ఉదాహరణ కోసం.

కలువ రేనికై వేచిన కరణి, చాత
కంబు మబ్బుకై చూచిన గతిని, పద్మ
మినునిఁ గోరిన రీతిని మిగుల నేను
నిన్నుఁ గోరెద మనసున నీరజాక్ష!

గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, ఉపమలు మూడున్నాయి. కానీ మూడూ చెప్పేది ఒకటే: కోరిక ఉంది. మొదటి ఉపమ చెప్పిన దానికి రెండోది ఏమీ కలపలేదు, మూడోది అసలే కలపలేదు. పైగా సిగ్గు ఎక్కడికి పోయింది? కలువకు చంద్రుడి ముందు తప్పు చేసిన భావం ఉండదు. చాతకం ఎప్పుడూ మబ్బును మరవలేదు. ఉపమానాలు అందంగానే ఉన్నాయి, మన మనిషివి కావు. ఇంకో గుర్తు కూడా చూడండి. మూడో పాదంలో ‘మిగుల’ యతి కోసం వచ్చింది, నాలుగో పాదంలో ‘మనసున’ గణం నింపడానికి వచ్చింది. చెప్పాల్సింది అయిపోయాక పాదాలు మిగిలితే ఇలాంటి ఊతపదాలు చేరతాయి. ఒక పద్యంలో ఉపమలు ప్రదర్శనకు పెట్టారా అన్న అనుమానం వస్తే నేను ముందు వెతికేది వీటినే.

ఇప్పుడు అదే ఛందస్సులో, ఒకే ఉపమతో:

తప్పు చేసిన పసివాఁడు తలుపు చాటు
నక్కి చూచిన విధమున నాదు మనసు
గడప దాఁటక నిలిచెను, కాంచి పిలువ
వయ్య యొకసారి పేరున వాసుదేవ!

తలుపు చాటున నక్కే పిల్లవాడికి రెండు కోరికలుంటాయి. ఎవరూ చూడకూడదు, కానీ అమ్మ చూడాలి. గుడి ముందు నిలబడ్డవాడి స్థితి కూడా అచ్చంగా అదే. ఉపమానంలో తలుపుంది, ఉపమేయంలో గడప ఉంది, కాబట్టి పోలిక ఊరికే అతికించినట్టు ఉండదు. ‘పేరున పిలువు’ అన్న ప్రార్థన కూడా ఆ పిల్లవాడి నుంచే పుట్టింది, వాడికి కావాల్సింది క్షమాపణ పత్రం కాదు, పేరు పెట్టి పిలవడం. ఉపమను తీసేస్తే ఈ ప్రార్థనకు ఆధారం ఉండదు. పై పద్యంలో చాతకాన్ని తీసేసినా నష్టం లేదు. తీసి చూడడమే ఉపమకు సరైన పరీక్ష.

ఇక్కడొక జాగ్రత్త. పిల్లవాడి ఉపమ బాగుందని మూడో పాదంలో అమ్మ చేతిలో బెత్తం, నాలుగో పాదంలో ఒడి, కన్నీళ్ళు తుడిచే కొంగు అంటూ సాగదీయవచ్చు. అప్పుడది దేవుడి పద్యం కాకుండా పిల్లవాడి పద్యం అవుతుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అలంకారాన్ని వేళకు పట్టుకోవాలి, వేళకు వదలాలి, చివరిదాకా నడిపించే పట్టుదల పనికిరాదు అన్నాడు. రాసేవాళ్ళు ఎక్కువగా మరిచేది ‘వదలడం’. పై పద్యంలో ఉపమ రెండో పాదంలోనే అయిపోయింది, మిగతాది మనిషి మాట.

అనుప్రాస విషయంలో తెలుగుకు ఒక ప్రత్యేకత ఉంది. మన పద్యంలో యతి, ప్రాస ఛందస్సులోనే ఉన్నాయి. పై పద్యంలో ‘తప్పు – తలుపు’, ‘నక్కి – నాదు’ అని చెవికి ఒక మోత ఇప్పటికే తగులుతోంది. అడగకుండానే వచ్చిన శబ్దం అది. దాని మీద మరో పొర వేస్తే చెవి నిండిపోయి మనసు బయటే ఆగిపోతుంది. ‘కమలలోచన కరుణించు కనకవసన’ అని ఒక పాదం రాశామనుకోండి. ఐదు గణాల్లో పని చేసే మాట ‘కరుణించు’ ఒక్కటే. కమలలోచన స్థానంలో మరో పేరు పెడితే పోయేది ‘క’కారం మాత్రమే, భావంలో రవ్వంత కూడా తేడా రాదు. సంబోధనలు గొలుసుగా పేర్చిన పద్యాలన్నీ ఇలాంటివే అనను. కీర్తనలా పాడుకోవడానికి, జపంలా పట్టుకోవడానికి అవి ఉపయోగపడతాయి. కానీ గడప దగ్గర సిగ్గుతో నిలబడ్డవాడు అన్ని విశేషణాలు వల్లించడు.

మరి అనుప్రాస భావాన్ని మోసేది ఎప్పుడు? దీనికి పోతన గజేంద్రమోక్షం కంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. ఏనుగు మొర విన్న విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తాడు. ఆమె వెనకే వెళుతోంది. ఎక్కడికని అడుగుదామని వేగంగా నడుస్తుంది, అడిగినా బదులు చెప్పడేమోనని ఆగుతుంది. ‘అడిగెదనని కడువడిఁ జను’ అని మొదలవుతుంది ఆ కందం. మూడో పాదం చూడండి: ‘వెడవెడ సిడిముడి తడఁబడ’. పన్నెండు అక్షరాలు, పన్నెండూ లఘువులు, ఒకటి విడిచి ఒకటి డకారం. గట్టిగా చదివితే నాలుక పై అంగిలికి తగులుతూ, వదులుతూ, మళ్ళీ తగులుతూ పోతుంది. అడుగు వేయడం, ఆగడం అక్షరాల్లోనే జరిగిపోతున్నాయి. దీర్ఘం ఒక్కటీ లేదు కాబట్టి ఎక్కడా నిలబడే వీలు లేదు. తర్వాతి పాదంలో ‘అడుగిడు, అడుగిడదు’ అని వాక్యం కూడా నడకలాగే తడబడింది.

ఇందులో రెండు సంగతులు నేర్చుకోవచ్చు. కందానికి ప్రాస తప్పనిసరి, రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ ఒకే హల్లు కావాలి. పోతన ఎంచుకున్న ఆ హల్లు ‘డ’. తప్పనిసరిగా పెట్టాల్సిన హల్లునే పాదమంతా పరిచాడు, బయటి నుంచి తెచ్చింది కాదు. రెండోది, అలంకారికుడు మమ్మటుడు మాధుర్యగుణానికి ‘డ’ ఉన్న టవర్గం పనికిరాదన్నాడు. నడుస్తున్నది లక్ష్మీదేవి, అడగబోయేది భర్తను, సున్నితమైన సందర్భం. సూత్రం ప్రకారం ‘ల’, ‘మ’ వంటి మెత్తని అక్షరాలు రావాలి. అవి వచ్చి ఉంటే ఆమె అందంగా నడిచేది, కంగారుగా నడిచేది కాదు. అక్షరాన్ని పాత్రను బట్టి కాక స్థితిని బట్టి ఎంచుకోవాలన్నమాట.

కాబట్టి అనుప్రాసకు చలనం కావాలి. పరుగు, తడబాటు, నాట్యం, ఉరుము, ఏడుపు వెక్కిళ్ళు, ఇలా శరీరంలో ఏదో ఒక లయ ఉన్న భావాలకు అది సరిపోతుంది. నిశ్చలమైన భావాలకు, సిగ్గుకు, మౌనానికి, నమ్మకానికి సరిపోదు. మన గడప పద్యంలో మూడో పాదం మొదలును ‘గడప కడ నిల్చి గడగడ’ అని మార్చి చూశాను. గణాలు కుదిరాయి, చెవికి బాగుంది. కానీ నక్కిన పిల్లవాడు గడగడ చప్పుడు చేస్తే ఇంకేం నక్కడం? పాత పాదాన్నే ఉంచాను.

శ్లేష వేరే రకం. ఉపమ కంటికి, అనుప్రాస చెవికి చెందితే శ్లేష బుద్ధికి చెందుతుంది. చదివేవాడు రెండో అర్థం కోసం ఒక క్షణం ఆగుతాడు, ఆ క్షణంలో భావం చల్లారే ప్రమాదం ఉంది. ‘హరి’ అన్న మాటకు విష్ణువు, సింహం, కోతి, గుర్రం అని ఎన్ని అర్థాలున్నాయో అన్నీ ఒకే పద్యంలో ఇరికిస్తే పాఠకుడు నిఘంటువు తెరుస్తాడు, చేతులు జోడించడు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ప్రతి పద్యం రామాయణానికీ భారతానికీ చెల్లుతుంది. అక్కడ శ్లేషే కావ్యం పెట్టుకున్న పందెం, చదివేవాడు కూడా ఆ పందెం తెలిసే కూర్చుంటాడు. ప్రార్థనకు ఆ ఒప్పందం లేదు.

అలాగని శ్లేషను వెలివేయను. ఈ రెండు పాదాలు చూడండి:

పదము లెన్నియో కూర్చితిఁ బద్యమందు
నీ పదం బొక్కటియ నాకు నిలువదాయె

పదం అంటే మాట, పదం అంటే పాదం. నీ గురించిన ఒక్క మాటా పద్యంలో నిలవలేదు అని ఒక అర్థం, నీ పాదం నా మనసులో నిలవలేదు అని రెండో అర్థం. ఒక్క అర్థమే తట్టినవాడికీ పద్యం పూర్తిగానే ఉంటుంది. రెండోది తట్టినవాడికి బాధ పెరుగుతుంది, ఎందుకంటే మొదటి వైఫల్యానికి కారణం రెండోదని తెలుస్తుంది. పదాన్ని ముక్కలు చేయలేదు కూడా. పదాన్ని విరిచి రెండో అర్థం లాగే సభంగ శ్లేష తెలుగు భక్తి పద్యంలో తరచుగా బెడిసికొడుతుంది. విరుపు కోసం చదివే తీరు మార్చాలి, మార్చగానే గొంతు మారిపోతుంది. అభంగ శ్లేషకు ఆ ఇబ్బంది లేదు.

శ్లేష పూర్తిగా ఇంట్లో ఉన్నట్టు ఉండేది నిందాస్తుతిలో. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో స్వామిని దెప్పుతాడు. నీకొచ్చిన పేరంతా నీ భార్యలూ బిడ్డలూ తెచ్చిందే, మొదటి నుంచీ నువ్వు ‘దామోదరుడవె’ అంటాడు. దామోదరుడు భగవన్నామమే. పొట్టకు తాడు కట్టించుకున్నవాడు అన్న అర్థం కూడా అందులోనే ఉంది. తిట్టు, నామస్మరణ ఒకే మాటలో జరిగాయి. అక్కడ శ్లేష తెలివి చూపడానికి కాదు, చనువు చూపడానికి వచ్చింది. చనువున్నవాడు దేవుడి ముందు మాటలతో ఆడుకుంటాడు, భయపడ్డవాడు ఆడుకోడు. మన గడప దగ్గరి మనిషికి ఇంకా అంత చనువు రాలేదు.

అందుచేత ఈ భావానికి నా ఓటు ఉపమకే. లక్ష్మి నడకలాంటిది చెప్పాల్సి వస్తే ఉపమను పక్కనపెట్టి అనుప్రాసను తీసుకుంటాను. ‘తడబడిన హంసలా’ అని ఎంత చెప్పినా ఆ డకారాల ముందు తేలిపోతుంది. దేవుడితో తగవు పెట్టుకునే పద్యమైతే శ్లేష. మూడూ ఒకే పద్యంలో రావచ్చా అంటే రావచ్చు, అయితే ఒకటే పైకి కనిపించాలి. మన తేటగీతి చివర సంబోధన విషయంలో నేను కాస్త ఆలోచించాను. ‘వయ్య’కు యతి కుదిరే పిలుపుల్లో ‘వారిజాక్ష’ కూడా సరిపోతుంది, గణాలూ అవే. ‘వాసుదేవ’ పెట్టడానికి కారణం, అన్నిటిలోనూ వసించేవాడు అన్న అర్థం ఆ పేరుకు విష్ణుపురాణంలోనే ఉంది. గడప బయట నిలిచినవాడు లోపల నివసించేవాణ్ణి పిలుస్తున్నాడు. ఎవరికైనా అది తట్టితే మంచిదే, తట్టకపోతే అది ఒక పేరు.