పన్నెండు విలువలతో బూట్‌స్ట్రాప్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివే పిల్లల ప్రాజెక్టులు చూసే పని నాది. ఏటా ఎవరో ఒకరు పది, పన్నెండు విలువలు పట్టుకొస్తారు. వాటిలో ఒకటో రెండో మిగతావాటికి ఆమడ దూరంలో ఉంటాయి. "సార్, ఇది నార్మల్‌గా లేదు, టీ ఫార్ములా వాడొచ్చా?" అని టెన్షన్. అలాంటి డేటాకి నేను చాలా ఏళ్లుగా వాడిస్తున్నది బూట్‌స్ట్రాప్. బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. నాకు నచ్చింది, కానీ దానిమీద జనం పెట్టుకునే నమ్మకం మాత్రం కాస్త ఎక్కువే.

పిల్లలు తెచ్చే డేటా ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం 12 మంది ఎదురుచూసిన నిమిషాలు ఇవి: 4, 5, 6, 6, 7, 8, 9, 11, 12, 15, 38, 71. సగటు 16, మధ్యగతం 8.5. టీ ఫార్ములా వేస్తే సగటుకి 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు సగటు ఉండొచ్చనుకునే హద్దులు, 3.6 నుంచి 28.4 దాకా వస్తుంది. డేటాలో అతి తక్కువగా ఎదురుచూసినవాళ్లే 4 నిమిషాలు ఉన్నారు. సగటు అంతకన్నా తక్కువ కావచ్చని ఈ అంతరం చెబుతోంది! అటూ ఇటూ సమానంగా చాచడం దాని స్వభావం, డేటా ఒకే వైపుకి సాగి ఉన్నా దానికి పట్టదు.

బూట్‌స్ట్రాప్‌లో చేసేది ఇంతే. ఈ 12 విలువల్లోంచి ఒకటి తీసి, రాసుకుని, తిరిగి వేసి, మళ్లీ తీసి, ఇలా 12 తీస్తాం. ఇదొక రీశాంపిల్. వాటి సగటు కడతాం. దీన్నే వేల సార్లు చేస్తాం. వచ్చిన సగటుల్లో కింద 2.5 శాతం, పైన 2.5 శాతం వదిలేస్తే మిగిలేదే పర్సెంటైల్ అంతరం.

```python
import numpy as np
from scipy.stats import bootstrap
x = np.array([4,5,6,6,7,8,9,11,12,15,38,71])
r = bootstrap((x,), np.mean, method='percentile')
print(r.confidence_interval)
```

ఇది సుమారు 7.6 నుంచి 28 దాకా ఇస్తుంది. కింది హద్దు బాగుపడింది, పై హద్దు దాదాపు టీ ఇచ్చిందే. అనుమానించాల్సింది ఇక్కడే. కుడివైపుకి సాగిన డేటాలో అసలు సగటు మనకి కనిపించినదానికన్నా చాలా పైన ఉండే అవకాశం ఉంది, కాబట్టి అంతరం కుడివైపే ఎక్కువ సాగాలి. `method='BCa'` పెడితే ఆ వంపుని లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు కింది హద్దు 9 దగ్గరికి, పై హద్దు 34, 35 దగ్గరికి వెళ్తాయి. పైథాన్ లైబ్రరీ సైపైలో ఏమీ చెప్పకపోతే వాడేది కూడా దీన్నే. సగటుకైతే నేను దీన్నే రాయమంటాను.

ఇక అంతరం ఒక్కటి చూసి ఊరుకోవద్దని నా పట్టుదల. `r.bootstrap_distribution` కి హిస్టోగ్రామ్ గీయిస్తాను. నున్నటి గంట ఆకారం రాదు, మిట్టపల్లాలుగా వస్తుంది. కారణం తేలికే: రీశాంపిల్‌లోకి 71 ఒక్కసారి ఎక్కువగా వస్తే సగటు దాదాపు 5 నిమిషాలు పెరుగుతుంది, 38 వస్తే రెండు, రెండున్నర. 71 అసలు రాని రీశాంపిల్స్ 35 శాతం దాకా ఉంటాయి, అంటే పన్నెండు 11/12 లని ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది. అంతరం వెడల్పుని ముఖ్యంగా నిర్ణయిస్తున్నది ఆ ఒక్క మనిషి, కొంత ఆ 38 నిమిషాల మనిషి. ఆ రోజు ఆ ఇద్దరి బదులు మరో ఇద్దరిని అడిగి ఉంటే లెక్క వేరుగా ఉండేది. ఈ సంగతిని రిపోర్టులో రాయించడం నాకు అంతరం కన్నా ముఖ్యం.

రీశాంపిల్స్‌ని సైపై మామూలుగా తీసే 9999 నుంచి లక్షకి పెంచితే మెరుగవుతుందా అని ప్రతి బ్యాచ్‌లో అడుగుతారు. కంప్యూటర్ యాదృచ్ఛికత వల్ల వచ్చే ఊగిసలాట మాత్రమే తగ్గుతుంది. 12 మంది 12 మందే. పర్సెంటైల్ అంతరంమీద 95 శాతం అని రాసినా, ఇంత చిన్న, వంకర శాంపిల్‌లో అసలు సగటుని పట్టుకునే సార్లు అంతకన్నా తక్కువే ఉంటాయి. బీసీఏ కొంత సరిచేస్తుంది గానీ పూర్తిగా కాదు.

ఒక్కదానికి మాత్రం వాడొద్దని ఖచ్చితంగా చెబుతాను: గరిష్ఠ విలువకి. "అత్యధికంగా ఎంతసేపు ఎదురుచూడాలి" అన్న ప్రశ్నకి రీశాంపిల్ చేస్తే దాదాపు 65 శాతం సార్లు 71 వస్తుంది, మిగతా సార్లు అంతకన్నా తక్కువ వస్తుంది. 71ని దాటే దారే దానికి లేదు. మధ్యగతానికి పని చేస్తుంది గానీ, విలువలు తక్కువ కాబట్టి కొన్ని అంకెల మీదే గుమిగూడుతుంది, అంతరం హద్దులు గెంతుతాయి.

ఇంకో షరతు: ఆ 12 మందీ విడివిడిగా ఉండాలి. ముగ్గురేసి చొప్పున నాలుగు రోజుల్లో తీసుకుని, ఒక్కో రోజు రద్దీ ఒక్కో రకంగా ఉంటే, తీయాల్సింది మనుషుల్ని కాదు, రోజుల్ని. అప్పుడు చేతిలో ఉన్నవి 12 కావు, నాలుగు. నాలుగు రోజులతో బూట్‌స్ట్రాప్ చేయించను, మరో పది రోజులు వెళ్లి అడగమంటాను.